అంగుళానికి ఇరవై అయిదు

ఇస్త్రీ ఆవిడ తన కుడి బూటును తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు కోత మేస్త్రి దాని తోలును గానీ కుట్టును గానీ చూడలేదు. నేరుగా లోపలికి వేలు పోనిచ్చి, అడుగున పరిచిన రబ్బరు మెత్తను తడిమాడు. ఆ మెత్తను కోసింది తానే. తాను కోసినది తిరిగి బల్ల మీదికి రావడం ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాలుగుసార్లకు మించి జరగలేదు. ఆ నాలుగూ ఏ సంవత్సరం ఏ నెలలో జరిగాయో కూడా ఆయన చెప్పగలడు.

"ఏమైందమ్మా? కరుస్తోందా?" అన్నాడు.

"కరిస్తే బాగుండేది మేస్త్రీ, తెలిసేది. డాక్టరమ్మ కాలు చూసి, ముందు వెళ్ళి నీకు చూపించమంది."

"వదులుగా ఉన్నట్టు అనిపించలేదా?"

"అనిపించాలంటే కాలికి తెలియాలిగా! నా కాళ్ళు నాతో మాట్లాడటం మానేసి నాలుగేళ్ళయింది. మా ఆయన కంటే మొండివి."

పక్క బల్ల దగ్గర కుట్టుమిషను మీద కూర్చున్న బావమరిది కిసుక్కున నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టి, తాను నేల మీద గొంతుకూర్చుని పాదాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. బొటనవేలి మొదట్లో, అరికాలి ఎముక పొడుచుకు వచ్చినట్టుండే చోట, బొటనగోరంత మేర చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఇంకా చిట్లలేదు.

ఆ కార్యశాల ఒక పాదాల ఆసుపత్రి వెనుక భాగంలో ఉండేది. చక్కెర వ్యాధి వల్లనో, నరాల జబ్బు వల్లనో పాదాల్లో స్పర్శ పోయినవారికి అక్కడ బూట్లు తయారయ్యేవి. స్పర్శ ఉన్న మనిషి బూటు కొరికితే విప్పి అవతల పారేస్తాడు. ఈ మనుషులకు ఆ అదృష్టం లేదు. రాయి గుచ్చుకున్నా, అంచు ఒరుసుకున్నా, సాయంత్రం మేజోడు మీద మరక కనిపించేదాకా వారికి తెలియదు. అందుకే ప్రతి మెత్తలోనూ ఎముక ఆనే చోట ఒక లోతైన గుంట తీస్తారు. బరువు ఆ గుంట చుట్టూ సర్దుకుంటుంది, ఎముక కింద ఒత్తిడి తగ్గుతుంది. గుంట రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఎముక దాని అంచు మీద కూర్చుంటుంది. అప్పుడు మేలు చేయవలసిన గుంటే కీడు చేస్తుంది. ఇస్త్రీ ఆవిడ కాలికి సరిగ్గా అదే జరుగుతోంది.

కాసేపటికి డాక్టరమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఆమెకు గొంతు పెంచే అలవాటు లేదు. ఆ కారణంగానే ఆమె మాటకు అందరూ ఉలిక్కిపడేవారు.

"ఇంకో వారం ఆ బూట్లతో తిరిగి ఉంటే పుండయ్యేది. తప్పు కోతలో జరిగిందా, కుట్టులో జరిగిందా, షీటులో జరిగిందా నాకు తెలియాలి. సాయంత్రం నాలుగింటికి కారణం చెప్పండి. అనుమానాలు మాత్రం చెప్పకండి." ఒక క్షణం ఆగి, లోపలి గది వైపు చూసి అంది: "షీటులోనే తప్పుంటే స్కానరు ఆపేద్దాం. అది నడిపే అమ్మాయి ఉద్యోగంలో పరీక్షాకాలం ఈ నెలతో అయిపోతుంది. పొడిగించమని నేను రాయలేను."

ఆ మాట లోపలి గదిలోని అమ్మాయికి వినిపించింది. కీబోర్డు చప్పుడు ఆగిపోవడాన్ని బట్టి అది మేస్త్రికి అర్థమయింది.

ఆ చప్పుడు ఆగినందుకు ఆయన మనసులో ఒక మూల సంతోషం కలిగిందన్నది దాచవలసిన విషయం కాదు. రెండు నెలల కిందటి వరకు ఆ పాదాల గీతలన్నీ ఆయనే గీసేవాడు. గోధుమరంగు కాగితం నేల మీద పరిచి, రోగిని దాని మీద నిలబెట్టి, పెన్సిలును నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ తిప్పేవాడు. పెన్సిలు లోపలికి వాలితే గీత చిన్నదవుతుంది, బయటికి వాలితే పెద్దదవుతుంది. అది వాలకుండా తిప్పడం ఆయనకు ఆరేళ్ళకు పట్టుబడింది. మొదట తోలు సంచులు, నడుము పట్టీలు చేసే దుకాణంలో పని నేర్చుకున్నవాడు. ఏ పట్టీని చూపినా ముట్టుకోకుండానే వెడల్పు చెప్పేసేవాడు గనుక ఆయనకు 'అంగుళం మేస్త్రి' అన్న పేరు స్థిరపడింది. అలాంటి మనిషి ముందుకు ఇరవై ఆరేళ్ళ పిల్ల గాజు పలకల పెట్టెలాంటి స్కానరు పట్టుకుని వచ్చి, రోగిని దాని మీద అర నిమిషం నిలబెట్టి, 'షీటు' అనే కాగితం మీద పాదం గీత, గుంట గుర్తు అచ్చుగుద్ది ఇచ్చేది. ఆయన ఆ కాగితాన్ని రబ్బరు మీద అంటించి, గీత వెంట కత్తి నడిపేవాడు. అంతకు మించి ఆయనకు పని మిగల్లేదు.

"బావా, నీ పెన్సిలు మళ్ళీ చెవి మీదికి ఎక్కేటట్టుంది," అన్నాడు బావమరిది, దారం కొరుకుతూ.

"నువ్వు నీ సూది చూసుకో. గుచ్చుకుంటే నా మీద పడి ఏడుస్తావు."

మేస్త్రి ముందు తన పనిని పరీక్షించుకున్నాడు. ఈ విషయంలో ఆయన నిజాయితీపరుడు. ప్రతి రోగి షీటునూ రెండు ప్రతులు వేసి, కోయని ప్రతిని దస్త్రంలో భద్రపరిచే పద్ధతి ఉంది. ఇస్త్రీ ఆవిడ షీటు తీసి, బూటులోంచి ఊడదీసిన మెత్తను దాని మీద పెట్టాడు. అంచుకు అంచు అతికినట్టు కూర్చుంది. కత్తి ఎక్కడా గీత దాటలేదు. తరువాత బావమరిది పనినీ పరీక్షించాడు. పై తోలు మెత్తకు సరిపోయేలాగే కుట్టి ఉంది.

"ఇంకేం, మనిద్దరం గట్టున పడ్డాం," అన్నాడు బావమరిది.

"గట్టున పడటానికి మనమేమైనా ఏట్లో ఉన్నామా?"

అన్నాడే గానీ ఆయనకు కాలు నిలవలేదు. కొలత కర్ర తెచ్చి ఇస్త్రీ ఆవిడ పాదాన్ని మడమ నుంచి వేలి కొస దాకా కొలిచాడు. రెండు వందల ఇరవై అయిదు మిల్లీమీటర్లు. తనకు తానే నమ్మకం కలగక ఆవిడను లేపి నిలబెట్టి, బరువంతా ఆ కాలి మీద వేయించి మళ్ళీ కొలిచాడు. అంతే. షీటు మీది గీతను కొలిస్తే రెండు వందల ఇరవై ఎనిమిదికీ ఇరవై తొమ్మిదికీ మధ్య తేలింది.

షీటు కింది మూలలో ఒక చిన్న అడ్డగీత ఉండేది. దాని పక్కన '100 మి.మీ.' అని రాసి ఉండేది. షీటు అచ్చయ్యాక ఆ గీతను కొలిచి, సరిగ్గా నూరు వస్తేనే వాడాలని స్కానరు అమ్మిన మనిషి మొదటి రోజే చెప్పి వెళ్ళాడు. కొలవాల్సింది అచ్చువేసినవారా, కోసేవారా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. అమ్మాయి మేస్త్రి కొలుస్తున్నాడనుకుంది. మేస్త్రి, యంత్రం గొప్పలు యంత్రమే నిలబెట్టుకోవాలనుకున్నాడు. ఇప్పుడు ఉక్కు స్కేలు దాని మీద పెట్టి కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. నూట ఒకటిన్నర దాటింది.

షీటు పట్టుకుని లోపలి గదిలోకి నడిచాడు. "ఇదిగో తల్లీ, నీ నూరు. నూట ఒకటిన్నర పైచిలుకు ఉంది. ఆవిడ పాదం రెండు వందల ఇరవై అయిదు, నీ గీత దానికి మూడున్నర పైన ఎక్కువ. నీ యంత్రం పెంచి కొలుస్తోంది."

అమ్మాయి లేచి నిలబడింది. స్కేలు అందుకుని తానూ కొలిచింది. దస్త్రాల అర తెరిచి, నెల కిందటి షీటు ఒకటి, పోయిన వారం షీటు ఒకటి తీసి పక్కపక్కన పరిచింది.

"నెల కిందటిది సరిగ్గా నూరుంది మేస్త్రి గారూ. పోయిన వారంది దీనిలాగే ఉంది. ఇంకోటి చూడండి. చుట్టూ వేసిన చట్రం పాత షీటులో నాలుగు వైపులా అంచుకు సెంటీమీటరు దూరంలో ఉంది. దీన్లో ఎడమ సెంటీమీటరే, కుడి దాదాపు దానికి సగమే. కింద మూడు మిల్లీమీటర్లే. బొమ్మ సాగింది. కాగితం మాత్రం అదే."

"అదే కదా నేనంటున్నది."

"స్కానరు సాగదీయలేదండీ. మధ్యలో మారింది ప్రింటరు."

అది నిజమే. మూడు వారాల కిందట ఆఫీసు ప్రింటరు పాడైతే, ఎవరో దానంగా ఇచ్చిన పాత పెద్ద ప్రింటరును ఈ గదిలో పెట్టారు. దాని కాగితాల పట్టికలో ఏ-త్రీ, ఏ-ఫోర్ అన్న పేర్లే లేవు. కొలతలన్నీ అంగుళాల్లోనే అడిగేది. షీట్లు వేసే కాగితం ఏ-త్రీ. దాని వెడల్పు రెండు వందల తొంభై ఏడు మిల్లీమీటర్లు, పొడవు నాలుగు వందల ఇరవై. అమ్మాయి ఆ రెండింటినీ అంగుళాల్లోకి మార్చి, ఖాళీ గళ్ళలో నింపి, 'పాదం షీటు' అన్న పేరుతో దాచుకుంది. స్కానరు ప్రోగ్రాము, కాగితం ఎంతని ప్రింటరు చెబితే అంత మేరకు బొమ్మను సాగదీసి నింపుతుంది. నిజంగా పెట్టెలో ఉన్న కాగితం ఎంతో దానికి పట్టదు.

ఆమె ఆ గళ్ళు తెరిచింది. వెడల్పు 11.88. పొడవు 16.80.

మేస్త్రికి ఆ అంకెల్లో ఏ తప్పూ కనిపించలేదు. అమ్మాయికీ కనిపించలేదు. ఇద్దరూ తెర వంక చూస్తూ నిలబడ్డారు. అమ్మాయి గోడ గడియారం వంక ఒకసారి, తెర వంక ఒకసారి చూస్తూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. ఆ చప్పుడుకు మేస్త్రికి చిరాకు పుట్టి, "అది కాస్త అవతల పెట్టు," అన్నాడు.

పెన్ను పెట్టబోతూ ఆమె చేయి బీరువా పక్కనున్న కాగితం కట్ట మీద ఆగింది. రసీదులకు వాడే మామూలు ఏ-ఫోర్ కట్ట అది. పొట్లం అంచు మీద చిన్న అక్షరాల్లో రెండు వరుసలు అచ్చువేసి ఉన్నాయి. పై వరుసలో 210 × 297 మి.మీ. కింది వరుసలో 8.27 × 11.69 అంగుళాలు.

"మేస్త్రి గారూ," అంది. "రెండు ఏ-ఫోర్‌లు పక్కపక్కన పెడితే ఒక ఏ-త్రీ. ఏ-ఫోర్ నిడుపు వైపే ఏ-త్రీకి అడ్డం అవుతుంది. రెండూ రెండు వందల తొంభై ఏడే. మరి దీని మీద పదకొండు పాయింట్ ఆరు తొమ్మిది అని ఉంది. నేను ఎనిమిది ఎనిమిది అని వేశాను. ఒకే అంచుకి రెండు కొలతలెలా ఉంటాయి?"

ఆమె తన నోటు పుస్తకం తీసింది. మూడు వారాల కిందటి తేదీ వేసి, పొందికైన చేతిరాతతో రెండు వరుసలు రాసి ఉన్నాయి. 297ని 25తో భాగిస్తే 11.88. 420ని 25తో భాగిస్తే 16.80. భాగహారం రెండింటిలోనూ తప్పు లేదు. ఆమె కాలిక్యులేటరు తీసుకుని 297ని 25.4తో భాగించింది. పదకొండు పాయింట్ ఆరు తొమ్మిది, ఆ వెనక ఇంకా కొన్ని అంకెలు. 420ని భాగించింది. పదహారు పాయింట్ ఐదు మూడు ఐదు వచ్చింది. అంటే పదహారు పాయింట్ ఐదు నాలుగు.

"అంగుళానికి ఇరవై అయిదు పాయింట్ నాలుగండీ," అంది నెమ్మదిగా. "పాయింట్ నాలుగు వదిలేశాను. దాంతో కాగితం ఉన్నదానికంటే పెద్దదని ప్రింటరు నమ్మింది. ప్రతి నూరుకీ ఒకటిన్నర పైన సాగదీసింది. ఆవిడ పాదంలో ఇరవై అయిదులు తొమ్మిది. తొమ్మిది నాలుగులు ముప్ఫై ఆరు. మూడున్నర మిల్లీమీటర్ల పైమాటే. మీరు కొలిచిన తేడా సరిగ్గా అదే."

కారణం దొరికింది. నాలుగింటికి ఇంకా నలభై నిమిషాలుంది. మేస్త్రికి కావలసింది కూడా ఇదే. కోత తప్పు కాదు, కుట్టు తప్పు కాదు, షీటు తప్పు. కానీ 'అంగుళానికి ఇరవై అయిదు' అన్న ఆ మాట ఎక్కడిదో ఆయనకు గుర్తొచ్చింది.

మూడు వారాల కిందట ఒక మధ్యాహ్నం బావమరిది టీకి వెళ్ళాడు. మేస్త్రి ఒక పట్టీకి రంధ్రాలు పొడుస్తున్నాడు. అమ్మాయి గుమ్మంలో నిలబడి, "మేస్త్రి గారూ, అంగుళానికి ఎన్ని మిల్లీమీటర్లండీ?" అని అడిగింది. ఆయన తల ఎత్తలేదు. "ఇరవై అయిదు. ఆ మాత్రం తెలియకుండానే కంప్యూటరు నడిపేస్తున్నావా?" అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ ఏదీ అడగడానికి రాలేదు.

"ఎవరు చెప్పారో... అది రాసుకోలేదా?" అన్నాడు ఇప్పుడు.

ఆమె పుస్తకం మూసింది. "లెక్క వేసింది నేనండీ. సరిచూసుకోవలసిందీ నేనే. డాక్టరు గారికి అదే చెబుతాను."

ఆమెకు గుర్తుంది. ఆయన కళ్ళలోకి చూడకుండా పుస్తకం మూసిన తీరులోనే అది తెలిసిపోయింది.

మేస్త్రి తన బల్ల దగ్గరికి వచ్చాడు. కత్తి నూరాడు. నూరిన కత్తినే మళ్ళీ నూరాడు. "బావా, అది కత్తి, సబ్బుబిళ్ళ కాదు, అరిగిపోతుంది," అన్నాడు బావమరిది. ఆయన కత్తి పక్కన పెట్టి, బకిల్స్ డబ్బా దించి మూత తీశాడు. లోపలి చీటీ మీద స్పష్టంగా ఉంది: '25 మి.మీ. - 1 అంగుళం'. చూశావా, అని తనలో తాను అనుకున్నాడు. నేను కల్పించింది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి పట్టీ, ప్రతి బకిల్ ఇదే లెక్కన కుదిరాయి. ఒక్కటి తేడా రాలేదు.

అంతలోనే ఉక్కు స్కేలు చేతికి తగిలింది. ఒక అంచున అంగుళాలు, రెండో అంచున మిల్లీమీటర్లు. రెండు అంచులనూ రోజూ వాడినవాడే గానీ, ఒక అంచు నుంచి రెండో అంచుకు అడ్డంగా చూసే అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. పది అంగుళాల గుర్తు మీద గోరు పెట్టి ఎదురుగా చూశాడు. రెండు వందల యాభై ఉండవలసిన చోట రెండు వందల యాభై నాలుగు ఉంది. ఒక్క బకిల్‌లో కనబడనిది పది బకిల్స్ వరసలో నాలుగు మిల్లీమీటర్లయి కూర్చుంది. పట్టీ వెడల్పు ఒక అంగుళం; అక్కడ ఆ శేషం తోలు మెత్తదనంలో కలిసిపోతుంది. పాదం పట్టీ కాదు.

ఆయన లేచి గదిలో ఆ కొసకూ ఈ కొసకూ తిరిగాడు. కాలు కాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతున్నావని బావమరిది అడిగాడు. తాను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి చెప్పదు. నెలాఖరుకు వెళ్ళిపోతుంది. గోధుమరంగు కాగితం మళ్ళీ నేల మీదికి వస్తుంది. ఇదంతా అంత స్పష్టంగా కళ్ళకు కట్టినందుకే ఆయనకు ఒళ్ళు జలదరించింది. నాలుగింటికి పది నిమిషాలుండగానే డాక్టరమ్మ గది తలుపు తట్టాడు.

అమ్మాయి అప్పటికే అక్కడ నిలబడి, నోటు పుస్తకం తెరిచి చూపిస్తోంది. "తప్పు నాదండీ," అంటోంది.

"సగమే నిజం అది," అన్నాడు మేస్త్రి. "అంగుళానికి ఇరవై అయిదు అని చెప్పింది నేను. అడిగిన పిల్లని ఎగతాళి కూడా చేశాను. అందుకే మళ్ళీ అడగలేదు."

డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదండీ. అదే భయమేసింది నాకు."

ఆమె షీటును దగ్గరికి లాక్కుని, మూలనున్న నూరు గీత మీద వేలు పెట్టింది. "మేస్త్రి గారూ, మీరు తెలియనిది తెలిసినట్టు చెప్పారు. అమ్మాయ్, నువ్వు విన్నదాన్ని సరిచూడలేదు. ఈ గీతను ఎవరు కొలవాలో రాసిపెట్టవలసింది నేను, రాయలేదు. ముగ్గురం ఉన్నాం ఇందులో. ఒకరిని పంపేసినంత మాత్రాన మిగతా ఇద్దరి తప్పు సరికాదు." కలం తీసి ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసింది. ఇకపై ప్రతి షీటు మీదా అచ్చువేసినవారు ఒకసారి, కోసేవారు ఒకసారి ఆ గీతను కొలిచి సంతకం చేయాలి. "పొడిగింపు సంగతి నెలాఖరున చూద్దాం. ముందు చెప్పండి, ఈ మూడు వారాల్లో ఎన్ని జతలు వెళ్ళాయి?"

"పదకొండు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ తరువాతి గంటలో ఆ రెండు గదులూ తేనెపట్టు కదిపినట్టయ్యాయి. ఇస్త్రీ ఆవిడ ఇక్కడే ఉంది గనుక మిగిలింది పది మంది. అమ్మాయి ఒక్కొక్కరికే ఫోను చేస్తూ, "బూట్లు విప్పేయండి, వెంటనే. రేపు పొద్దున రండి. లేదండీ, మీ తప్పేం లేదు," అని చెబుతోంది. మధ్య మధ్య గళ్ళలో 11.69, 16.54 నింపి షీటు వేసింది. చట్రం నాలుగు వైపులా సమానంగా పడింది. గీత నూరుంది. మేస్త్రి కొలిచాడు, నూరే ఉంది. తృప్తి పడటానికి ఆయనకు తీరిక లేదు. ఫోనుకు తొమ్మిది మందే దొరికారు. పదో మనిషి కలప అడితీ కాపలాదారు. ఎన్నిసార్లు చేసినా మోగడమే గానీ ఎత్తడం లేదు.

"పొద్దున మళ్ళీ చేద్దామండీ," అంది అమ్మాయి.

"పొద్దుటికి ఎన్ని అడుగులు వేస్తాడో లెక్క వేశావా? కాపలా మనిషి. రాత్రంతా నడకే."

ఆమె అతని పాదం షీటు కొత్త కొలతతో మళ్ళీ అచ్చువేసి, గీత కొలిచి, సంతకం పెట్టి చేతికిచ్చింది. మేస్త్రి దాన్ని చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కాడు. నిలబడే వెళ్ళాడు, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

అడితీ గేటు దగ్గర కాపలాదారు బల్ల మీద కూర్చుని బూట్ల లేసులు బిగిస్తున్నాడు. పక్కనే మోత ఆపి ఛార్జింగులో పెట్టిన ఫోను గుడ్డిదీపంలా మిణుకుమంటోంది. కారణం ఏమీ చెప్పకుండానే మేస్త్రి వెళ్ళి అతని ముందు కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టాడు.

"అదేంటి మేస్త్రీ, ఇచ్చినవాడివే ఊడబీక్కుంటున్నావు?"

"తప్పుడు కొలత ఇచ్చాను. ముందు కాలు చూడనీ."

మడమ వెనక నాలుగు మడతలు వేసిన గుడ్డ కుక్కి ఉంది. "జారుతుంటే నేనే పెట్టాను," అన్నాడు కాపలాదారు, కాస్త గర్వంగానే. "ఎడమ కాలికి ఇంకా కొంచెం తెలుస్తుందిలే. దానికి వదులైతే కుడిదానికీ వదులే అనుకున్నాను."

మేస్త్రి పాదాన్ని వెలుతురు వైపు తిప్పాడు. మడమ మీద గుడ్డ మడత అచ్చు పడింది. బొటనవేలి మొదలు కొద్దిగా కందింది. చర్మం మాత్రం ఎక్కడా చిట్లలేదు. రెండో పాదాన్నీ అలాగే చూసి, రెండింటినీ కొత్త షీటు గీతతో సరిచూశాడు. ఆ తరువాత గానీ ఊపిరి పూర్తిగా వదల్లేదు.

"రేపు మధ్యాహ్నానికి కొత్త జత తెస్తాను. అప్పటిదాకా నడవకు. మంచం మీద కాళ్ళు చాపుకుని ఉండు."

"బాగుంది వరస. మంచం మీద కాళ్ళు చాపుకునే కాపలావాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? మా అల్లుడు వస్తాడనుకో, సాయం పడతాడు. కానీ అతను వచ్చేసరికి ఎనిమిదవుతుంది. ఈలోగా రెండుసార్లు చుట్టు తిరగాలి. యజమాని పైనుంచి చూస్తుంటాడు, లాంతరు కదులుతోందా లేదా అని."

మేస్త్రి బూట్లు రెండూ లేసులతో కలిపి ముడివేసి తన సంచిలో పెట్టేశాడు. కాపలాదారు వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు, చేతికిచ్చిన తినుబండారం ఎవరో లాక్కుంటే చూసే పిల్లవాడిలా.

"దారెటు?" అన్నాడు మేస్త్రి.

"ఏం దారి?"

"నువ్వు తిరిగే దారి."

కాపలాదారు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగాడు. "టేకు దుంగల వెనకనుంచి పోయి రంపాల షెడ్డు దగ్గర తిరగాలి. అక్కడ నేలంతా మేకులు, చూసి నడువు. నీ కాళ్ళకు తెలుస్తుందిలే గానీ, అయినా చూసుకో."

మేస్త్రి లాంతరు అందుకుని, దుంగల వైపు నడిచాడు.